ఈఏ ఫారం ఫొటో ఒక చేతిలో, మన లెక్కల పుస్తకం ఒక చేతిలో

(సంక్షేమ వేదిక వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఆడిటర్ని కాదు. సివిల్ డిప్లొమా చదివి, సైట్లో సూపర్‌వైజర్‌గా పని చేసేవాడిని. మరి పన్ను గురించి మాట్లాడటానికి వీడెవడు అనుకుంటారేమో. చెప్తాను. కొన్నేళ్ల క్రితం ఆఫీసు నుంచి వాట్సాప్‌లో నా ఈఏ ఫారం ఫొటో వచ్చింది. అందులో ఏ అంకె ఉందో ఆ అంకెనే ఈ-ఫైలింగ్‌లో కొట్టి పంపేశాను. ఆ ఏడాది నాకొచ్చిన బోనస్ ఆ ఫారంలో లేదు. నేను చూసుకోలేదు. తర్వాత కంపెనీ మారేటప్పుడు ఆ సంగతి బయటపడింది. కట్టాల్సిన తేడా కట్టాను, దాని మీద జరిమానా కట్టాను. ఫారం తయారు చేసింది ఆఫీసు వాళ్లు కదా అన్నాను. "పంపింది మీరు కదా" అన్నారు. అక్కడితో నా నోరు మూతపడింది.

వాళ్లు అన్నదాంట్లో తప్పు లేదు. మలేషియాలో 2004 నుంచి ఉద్యోగుల పన్ను స్వయంగా లెక్క వేసుకునే పద్ధతిలో నడుస్తోంది. ఆదాయం ఎంతో చెప్పేది మనం, సరిగ్గా చెప్పాల్సింది మనం. ఈఏ ఫారం కంపెనీ మనకిచ్చే కాగితం. అది మన లెక్కకు ఆధారమే గాని, మన లెక్క కాదు.

సైట్ భాషలో చెప్తాను. కాంక్రీటు లారీ వస్తుంది, డ్రైవర్ డీఓ కాగితం ఇస్తాడు. అందులో 7 క్యూబిక్ మీటర్లు అని ఉంటుంది. మనం ఊరికే సంతకం పెడతామా? ఏ గ్రేడు, ఎన్ని గంటలకు బయల్దేరింది, ఎంత పోసింది అని మన రిజిస్టర్లో రాసుకుని, రెండూ కలిస్తేనే పెడతాం. ఈఏ ఫారం కూడా డీఓ లాంటిదే. ఇంకో పక్క పెట్టి చూడటానికి మన దగ్గర రిజిస్టర్ ఉండాలి.

ముందు ఆ ఫొటో చదవడం గురించి.

ఈఏ ఫారం ప్రతి ఏడాది ఫిబ్రవరి ఆఖరు లోపల ఇవ్వాలని చట్టం. మనలో చాలామందికి అది కాగితంగా రాదు, ఫోన్లో ఫొటోగా వస్తుంది. కాగితం మడత పడి ఉంటుంది, లైటు నీడ పడి ఉంటుంది, వాట్సాప్‌లో పడ్డాక ఇంకా మసకబారుతుంది. 3 ని 8 అని, 1 ని 7 అని చదువుతాం. కామా ఎక్కడుందో చుక్క ఎక్కడుందో తెలియదు. కొందరు ఫోన్లో ఫొటో లోంచి అక్షరాలు కాపీ చేసే సదుపాయం వాడతారు. దానికీ ఇదే తిప్పలు. అందుకని అంకెలు తీసుకున్న వెంటనే మన లెక్కతో పోల్చకండి. ముందు ఫారం తనతో తాను కలుస్తుందో లేదో చూడండి.

ఎలాగంటే, పైన A భాగంలో మీ పేరు, పాస్‌పోర్టు నంబరు, దాని పైన పన్ను నంబరు ఉంటాయి. ఆ మూడూ మీవేనా చూడండి. దాని కింద B భాగం, ఆదాయం. అందులో మొదటి వరసలో `Gaji kasar` అని ఉంటుంది. అంటే కోతలు పడక ముందు జీతం, ఓటీతో కలిపి. తర్వాత వరసలో బోనస్, కమీషన్. ఆ తర్వాత `elaun` అని, అంటే అలవెన్సులు. చివర `JUMLAH`, అంటే మొత్తం. పై వరసలన్నీ కూడితే కింద మొత్తం రావాలి. రాకపోతే చదవడంలోనే పొరపాటు ఉంది, లేదా ఫారంలోనే ఉంది. ముందు అది తేల్చుకోవాలి. D భాగంలో మొదటి వరస `Potongan Cukai Bulanan`, అదే మనం పీసీబీ అంటాం కదా, నెల నెలా జీతంలోంచి పట్టుకునే పన్ను.

ఇప్పుడు ఒక తమ్ముడి లెక్క మొత్తం చెప్తాను. పేరు చెప్పను, ఆయన ఒప్పుకున్నాకే చెప్తున్నాను. సెంట్రింగ్ పనిలో ఫోర్‌మన్. 2024 మొత్తం ఒకే కంపెనీలో ఉన్నాడు. బేసిక్ నెలకు 3,200 రింగిట్లు, సైట్ అలవెన్స్ 250. ఓటీ ఒక్కో నెల ఒక్కోలా. ఫిబ్రవరిలో ఒక నెల జీతం బోనస్ ఇచ్చారు.

అతనికి వచ్చిన ఫొటోలో మేం మొదట చదివిన అంకెలు ఇవి. గాజి కసార్ 44,910. బోనస్ 3,200. అలవెన్స్ 3,000. మొత్తం 51,140. కూడి చూశాం. 51,110 వచ్చింది. 30 తేడా. ఏ వరసలో అని ఫొటో పెద్దది చేసి చూస్తే, జీతం వరస మీద మడత గీత పోయింది. అక్కడున్నది 44,910 కాదు, 44,940. నాలుగు అంకె సగం మడతలో పోయి ఒకటిలా కనిపించింది. అది సరిచేస్తే మొత్తం కలిసింది. ఈ చిన్న కూడిక చేయకపోతే లేని తేడా కోసం పగలంతా వెతికేవాళ్లం.

ఇక రెండో చేతిలోని పుస్తకం. ఆ తమ్ముడు ఒక బడి నోట్‌బుక్‌లో నెలకొక వరస రాసుకున్నాడు. అడ్డంగా గళ్లు ఇవి: బేసిక్, ఓటీ, అలవెన్స్ లేదా బోనస్, మొత్తం, పీసీబీ కోత, హాస్టల్ లాంటి మిగతా కోతలు, బ్యాంకులో పడిన డబ్బు. ఇంతే. పే స్లిప్ చూసి రాశాడు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి చివరి గడి నింపాడు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బ్యాంకులో పడినవన్నీ కూడి, ఈఏ ఫారంతో పోల్చి, "నాకు ఇంత రాలేదు, ఎక్కువ రాశారు" అని గొడవకు దిగుతారు. ఈఏలో ఉండేది కోతలకు ముందు డబ్బు. బ్యాంకులో పడేది కోతల తర్వాత డబ్బు. కాబట్టి బ్యాంకులో పడినదానికి పీసీబీ, హాస్టల్, పెర్కెసో, ఇంకా ఏమేం కోశారో అన్నీ కలిపితేనే మొదటిది వస్తుంది. ఇంకోటి. బ్యాంకులో పడిన ప్రతి రూపాయీ ఆదాయం కాదు. సామాను కొనడానికి మీ జేబులోంచి పెట్టింది కంపెనీ తిరిగి వేస్తే అది ఆదాయం కాదు. రూమ్మేట్ తిరిగిచ్చిన అప్పు ఆదాయం కాదు. వాటి పక్కన పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టుకుని పక్కకు తీయాలి.

ఆ తమ్ముడి జూన్ నెల వరస చూద్దాం. బేసిక్ 3,200, అలవెన్స్ 250, ఓటీ 640. మొత్తం 4,090. పీసీబీ 88, హాస్టల్ 100 కోత. చేతికి రావాల్సింది 3,902. బ్యాంకులో చూస్తే జూలై 7న 3,262, జూలై 12న 640 పడ్డాయి. రెండూ కలిపితే 3,902. వరస కలిసింది. ఇలా పన్నెండు వరసలూ అడ్డంగా కలిశాకే నిలువుగా కూడాం. అడ్డంగా కలవని వరసను నిలువుగా కూడితే వచ్చిన మొత్తానికి అర్థం లేదు.

నిలువు మొత్తాలు ఇలా వచ్చాయి, పక్కన ఫారంలోవి పెడుతున్నాను.

బేసిక్, ఓటీ కలిపి: పుస్తకంలో 46,260, ఫారంలో 44,940.
బోనస్: పుస్తకంలో 3,200, ఫారంలో 3,200.
అలవెన్స్: పుస్తకంలో 3,000, ఫారంలో 3,000.
మొత్తం: పుస్తకంలో 52,460, ఫారంలో 51,140.
పీసీబీ: పుస్తకంలో 1,104, ఫారంలో 1,012.

రెండు చోట్ల తేడా. జీతం దగ్గర 1,320. పీసీబీ దగ్గర 92.

తేడా దొరికాక దాన్ని పట్టుకుని పుస్తకంలోకి వెళ్లాలి. నేను ముందు చూసేది, తేడా 9 తో తెగుతుందా అని. తెగితే ఎక్కడో అంకెలు తారుమారై ఉండే అవకాశం ఎక్కువ, 540 రాయాల్సిన చోట 450 రాసినట్టు. 1,320 తెగదు. తర్వాత ఆ తేడా ఏదైనా ఒక నెల అంకెకు, లేదా రెండు మూడు నెలలు కలిపితే వచ్చే అంకెకు సరిపోతుందా అని చూస్తాను. బేసిక్ ప్రతి నెలా 3,200 కాబట్టి తేడా అందులో కాదు, ఓటీలోనే ఉండాలి. ఓటీ గడి చూస్తే జూన్‌లో 640, జూలైలో 680. కలిపితే సరిగ్గా 1,320.

ఆ రెండు నెలల్లో ఏం జరిగిందో అతనికి వెంటనే గుర్తొచ్చింది. అదే కంపెనీ అతన్ని జొహోర్‌లో ఇంకో సైట్‌కి పంపింది. అక్కడి ఓటీ మామూలు పే స్లిప్‌లో రాలేదు, విడిగా వౌచర్ మీద ఇచ్చారు. అందుకే బ్యాంకులో కూడా విడిగా పడింది. హెడ్ ఆఫీసులో ఈఏ తయారు చేసినవాళ్లు మామూలు జీతాల జాబితా నుంచే తీశారు. వౌచర్లు ఆ జాబితాలో లేవు. ఎవరూ దొంగతనం చేయలేదు, రెండు జాబితాలు కలవలేదు అంతే. ఈఏలో ఆదాయం జారిపోయేది ఎక్కువగా ఇలాంటి అతుకుల దగ్గరే: సైట్ మారిన నెల, విడిగా ఇచ్చిన బోనస్, చేతికిచ్చిన డబ్బు, కంపెనీ పేరు మారిన నెల. మీ పుస్తకంలో ఆ నెలల దగ్గర ముందు చూడండి.

పీసీబీ తేడా 92. ఆగస్టు స్లిప్‌లో పీసీబీ సరిగ్గా 92. ఆ నెలలోనే అతని పాస్‌పోర్టు రెన్యూ అయ్యి నంబరు మారింది. ఆఫీసులో కొత్త నంబరుతో ఇంకో వరస తెరిచారు, ఆ నెల కోత ఆ వరసలో పడింది, ఫారం పాత వరస నుంచి తయారైంది. అందుకే A భాగంలో పాస్‌పోర్టు నంబరు ముందు చూడమన్నాను. పాత నంబరు కనిపించిందంటే, మారిన నెల దగ్గర ఏదో జారి ఉండొచ్చని ముందే అనుమానపడాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రెండు తప్పులతో ఆ ఫారం అలాగే ఫైల్ చేసి ఉంటే ఏమయ్యేది? అతను ఏడాదిలో 182 రోజులకు పైగా ఇక్కడే ఉన్నాడు కాబట్టి రెసిడెంట్. సొంతానికి 9,000 మినహాయింపు ఉంటుంది. పెర్కెసో వంటి మిగతావి పక్కన పెట్టి లెక్క వేద్దాం.

ఫారంలో ఉన్న 51,140 నుంచి 9,000 తీస్తే 42,140. మొదటి 35,000 మీద పన్ను 600. మిగిలిన 7,140 మీద 6 శాతం, 428.40. మొత్తం 1,028.40. ఫారంలో పీసీబీ 1,012. ఇంకా కట్టాల్సింది 16.40.

నిజమైన లెక్క ప్రకారం 52,460 నుంచి 9,000 తీస్తే 43,460. పన్ను 600, దానికి 8,460 మీద 6 శాతం 507.60 కలిపితే 1,107.60. నిజంగా కోసిన పీసీబీ 1,104. ఇంకా కట్టాల్సింది 3.60.

చూశారా? ఒకటి 16.40, ఇంకోటి 3.60. ఆఖరి అంకె మాత్రమే చూసేవాడు "పన్నెండు పదమూడు రింగిట్ల తేడా, పోనీలే" అంటాడు. కానీ లోపల ఒక పక్క 1,320 ఆదాయం చెప్పకుండా వదిలేశాం, దాని మీద 79.20 పన్ను తక్కువ. ఇంకో పక్క మన జీతంలోంచి కోసిన 92 మనకు జమ కాలేదు. ఒక తప్పు ఇంకో తప్పును కప్పేసింది. రేపు పన్ను శాఖ వాళ్లు తవ్వితే వాళ్లకు కనిపించేది మొదటి తప్పే. తగ్గిన పన్నుతో పాటు, దానికి సమానంగా కూడా జరిమానా వేసే అధికారం వాళ్లకు చట్టంలో ఉంది. రెండో తప్పు, అంటే మన 92, మనం అడిగితే తప్ప ఎవరూ తవ్వరు. అందుకే ఆఖరి బ్యాలెన్స్‌ను కాదు, గడికి గడి పోల్చాలి.

182 రోజులు నిండక నాన్-రెసిడెంట్ అయినవాళ్లకు ఇది ఇంకా బరువు. వాళ్లకు మినహాయింపు లేకుండా 30 శాతం పడుతుంది. అదే 1,320 మీద 396 రింగిట్లు.

తేడా కనిపించగానే ఆఫీసు మీదకు వెళ్లకండి. ముందు రెండు చోట్ల చూడండి. ఒకటి, ఫారం కింద F భాగం. పన్ను పడని అలవెన్సులు అక్కడ రాస్తారు. డ్యూటీ మీద తిరగడానికి ఇచ్చే ప్రయాణ అలవెన్స్ లాంటిది ఏడాదికి 6,000 వరకు మినహాయింపు ఉంది. అది B లో లేకపోతే జారిపోయినట్టు కాదు, F లో ఉంటుంది. రెండు, డిసెంబర్ జీతం. మనలో చాలామందికి డిసెంబర్ జీతం జనవరి 7న పడుతుంది. మీ పుస్తకం జనవరి నుంచి డిసెంబర్ పని నెలలు లెక్క పెట్టి, ఆఫీసు బ్యాంకులో వేసిన తేదీ లెక్క పెడితే, ఒక నెల జీతమంత తేడా వస్తుంది. ఏ పన్నెండు నెలలు పెట్టారో ఆఫీసును అడిగి, పుస్తకాన్ని కూడా అదే పద్ధతిలో మళ్లీ కూడండి. చూడాల్సింది ఒక్కటే. ఆ నెల ఏదో ఒక ఏడాదిలో ఒక్కసారి ఉండాలి. రెండేళ్లలోనూ లేకపోయినా తప్పే, రెండేళ్లలోనూ ఉన్నా తప్పే.

మధ్యలో కంపెనీ మారినవాళ్లకు ఇంకో మాట. ఒక్కో కంపెనీ తాను ఇచ్చిందే రాస్తుంది. కాబట్టి మీకు రెండు ఈఏలు రావాలి. పాత కంపెనీ ఈఏ రాలేదని కొత్తదాంతోనే ఫైల్ చేస్తే సగం ఏడాది ఆదాయం వదిలేసినట్టే. ఈ-ఫైలింగ్ తెరవగానే అంకెలు ముందే నింపి కనిపిస్తే అదే సరైనదని కూడా అనుకోకండి. అవి కంపెనీ పంపిన వివరాల నుంచే వచ్చాయి. కంపెనీ వదిలేసింది అక్కడా ఉండదు.

నిజంగా తేడా ఉంటే ఎలా అడగాలి? ఆ తమ్ముడు "మీ లెక్క తప్పు" అనలేదు. ఆఫీసు అమ్మాయికి ఇలా రాశాడు: "మేడమ్, నా 2024 ఈఏలో జూన్ ఓటీ 640, జూలై ఓటీ 680 కనిపించలేదు, వౌచర్ల ఫొటోలు పంపుతున్నాను. ఆగస్టు పీసీబీ 92 కూడా లేదు, స్లిప్ ఫొటో పంపుతున్నాను, ఆ నెల నా పాస్‌పోర్టు నంబరు మారింది. దయచేసి చూసి సవరించిన ఈఏ ఇవ్వగలరా." నెల, మొత్తం, కాగితం, మూడూ ఉన్నాయి. వాళ్లు వెతకాల్సిన పని లేదు. నాలుగు రోజుల్లో కొత్త ఈఏ వచ్చింది.

అందరికీ అలా రాదు, నాకు తెలుసు. ఆఫీసు సవరించి ఇవ్వకపోయినా, మీరు ఫైల్ చేసేది నిజంగా అందుకున్న ఆదాయమే. ఫారంలో తక్కువ ఉందని తక్కువ చెప్పొద్దు. పీసీబీ కోసి కట్టలేదేమో అని అనుమానం ఉంటే స్లిప్పులు పట్టుకుని పన్ను శాఖ బ్రాంచికి వెళ్లి, మీ పేరున ఏ నెలలు జమ అయ్యాయో అడగండి. 2024 ఆదాయానికి ఫైలింగ్ గడువు 2025 ఏప్రిల్ 30, ఆన్‌లైన్‌లో మే 15 వరకు. గడువులోపల ఫైల్ చేశాక తప్పు దొరికితే, ఆరు నెలల లోపల ఒకసారి సవరించుకోవచ్చు. ఒకేసారి కాబట్టి అన్నీ చూసుకున్నాకే సవరించండి. స్లిప్పులు, వౌచర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఏడేళ్లు దాచాలని చట్టం. థర్మల్ కాగితం మీద ఇచ్చిన వౌచర్ ఆరు నెలలకే తెల్లబడిపోతుంది, ఇచ్చిన రోజే ఫొటో తీసుకోండి.

ఈ పద్ధతికి కూడా ఒక హద్దు ఉంది, దాచకుండా చెప్పాలి. ఈఏలో లేనిది, మీ పుస్తకంలోనూ లేనిది, ఏ పోలికలోనూ దొరకదు. చేతికిచ్చిన డబ్బు ఆ రోజు రాసుకోకపోతే ఏడాది చివర గుర్తు రాదు. అలాగే పే స్లిప్‌లోనే ఓటీ గంటలు తక్కువ వేస్తే, స్లిప్ చూసి రాసిన పుస్తకం ఫారంతో హాయిగా కలిసిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఓటీ గంటలు మీరు సొంతంగా రాసుకోవాలి.

ఆఖరి మాట. ఇవన్నీ మనకు ఎందుకు ముఖ్యమంటే, మనం ఏదో ఒక రోజు ఇంటికి వెళ్లేవాళ్లం. విదేశీ పనివాడు దేశం వదిలేటప్పుడు కంపెనీ కనీసం 30 రోజుల ముందు పన్ను శాఖకు తెలపాలి. క్లియరెన్స్ కాగితం వచ్చే వరకు, లేదా 90 రోజుల వరకు, మనకు రావాల్సిన ఆఖరి డబ్బు పట్టి ఉంచాలి. పాత ఏడాదుల ఫైల్స్‌లో కలవని లెక్క ఉంటే అది బయటపడేది అప్పుడే. చెల్లి పెళ్లికో, నాన్న ఆపరేషన్‌కో టికెట్ కొనుక్కుని ఉంటాం, డబ్బు ఇక్కడ ఆగిపోతుంది. 2019లో తయారైన ఈఏ గురించి అప్పుడు ఎవర్ని అడుగుతాం? ఆ ఆఫీసు అమ్మాయి ఇంకో కంపెనీకి వెళ్లిపోయి ఉంటుంది.

ఈ రోజు భోజనాలయ్యాక వెనక టేబుల్ దగ్గర కూర్చుంటాను. మీ ఈఏ ఫొటో, ఫోన్లో బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంటే చాలు. రెండు నెలల వరసలు కలిపి చూపిస్తాను. మిగతా పది మీరే కలుపుకోగలరు.